80 శాతం లోడ్‌లోనే కాలుతున్న ట్రాన్స్‌ఫార్మర్: తప్పు ఎక్కడుంది?

"ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ కరెంటు దాటనంత వరకు వేడెక్కదు. 80 శాతం లోడ్‌లోనే కాలిపోతోందంటే అది నాసిరకం సరుకే, మార్చేయండి. హార్మోనిక్స్ ఎన్ని ఉన్నా క్లాంప్ మీటర్ చూపించిన ఆంపియర్లే లెక్క. టీహెచ్‌డీ 50 శాతం లోపు ఉంటే టెన్షన్ అక్కర్లేదు. అంత అనుమానంగా ఉంటే కె-13 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, హార్మోనిక్స్ పోతాయి."

ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కినప్పుడు వినిపించే సలహా ఇది. ఇందులో ఒక్కో మాటనూ పరీక్షిద్దాం. హార్మోనిక్స్ అంటే సరఫరా ఫ్రీక్వెన్సీకి గుణిజాలైన ఫ్రీక్వెన్సీల్లో నడిచే అదనపు కరెంట్లు. ముందు నేమ్‌ప్లేట్ సంగతి. దాని మీద రాసిన కరెంటు వెనుక ఒక షరతు ఉంది: లోడ్ కరెంటు దాదాపు శుద్ధమైన సైన్ తరంగమై ఉండాలి. ఐఈఈఈ ప్రమాణాల్లో మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌కు అనుమతించే హార్మోనిక్ వాటా 5 శాతమే. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్లు లాగే కరెంటు ఈ గీతకు చాలా పైన ఉంటుంది. అక్కడ నేమ్‌ప్లేట్ ఆంపియర్లను హద్దుగా పట్టుకుంటే, ఆ ప్లేటు ఇవ్వని హామీని మనమే దానికి అంటగట్టినట్టు.

షరతు తప్పితే వేడి ఎందుకు పెరుగుతుంది? వైండింగ్‌లో నష్టం రెండు రకాలు. ఒకటి తీగ నిరోధం వల్ల వచ్చేది, ఇది కరెంటు వర్గంతో పెరుగుతుంది. రెండోది ఎడ్డీ నష్టం. లీకేజీ ఫ్లక్స్ తీగలను కోసుకుంటూ పోయినప్పుడు తీగ మందంలోనే చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి. వాటిని పుట్టించే వోల్టేజీ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, నష్టం ఆ వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. అంటే ఐదో హార్మోనిక్‌లోని ఒక ఆంపియర్, ప్రాథమిక ఫ్రీక్వెన్సీలోని ఒక ఆంపియర్ కంటే 25 రెట్ల ఎడ్డీ నష్టం తెస్తుంది. ఏడోదైతే 49 రెట్లు. పైగా లీకేజీ ఫ్లక్స్ తీవ్రత వైండింగ్ అంతటా ఒకేలా ఉండదు కాబట్టి ఈ వేడి కొన్ని చోట్ల పోగవుతుంది. బయటి తొడుగును చేత్తో తాకి చూస్తే అది తెలియదు.

ఒక కేసు లెక్క కట్టి చూద్దాం. 500 కేవీఏ డ్రై టైప్ ట్రాన్స్‌ఫార్మర్, సెకండరీ 400 వోల్టులు, రేటెడ్ కరెంటు 722 ఆంపియర్లు. లోడ్ మొత్తం ఆరు పల్సుల రెక్టిఫైయర్లే. కొలిచిన ఆర్‌ఎమ్‌ఎస్ కరెంటు 578 ఆంపియర్లు, అంటే సరిగ్గా 80 శాతం. ప్రాథమిక కరెంటుతో పోలిస్తే ఐదో హార్మోనిక్ 40 శాతం, ఏడోది 20, పదకొండోది 8, పదమూడోది 6, పదిహేడోది 4, పంతొమ్మిదోది 3. రేటెడ్ సైన్ కరెంటు దగ్గర ఎడ్డీ నష్టం నిరోధ నష్టంలో 15 శాతం అనుకుందాం. అసలు విలువ తయారీదారు పరీక్ష రిపోర్టు నుంచి తీసుకోవాలి. కింది లెక్కలో h అంటే హార్మోనిక్ సంఖ్య, Ih అంటే దాని కరెంటు, F అంటే ఈ హార్మోనిక్స్ వల్ల ఎడ్డీ నష్టం ఎన్ని రెట్లవుతుందో చెప్పే గుణకం. నష్టాలన్నీ రేటెడ్ నిరోధ నష్టాన్ని 1గా తీసుకుని రాసినవి.

```
F = Σ(Ih²·h²) / Σ(Ih²) = 9.13 / 1.2125 = 7.5
Rated loss   = 1 + 0.15 = 1.15
Loss at 80%  = 0.64 × (1 + 7.5 × 0.15) = 1.36
Imax = √(1.15 / (1 + 7.5 × 0.15)) = 0.735
```

కరెంటు 80 శాతమే, వైండింగ్ నష్టం మాత్రం పూర్తి లోడ్‌కు డిజైన్ చేసిన దానికంటే 18 శాతం ఎక్కువ. అదే 578 ఆంపియర్లు సైన్ రూపంలో ఉంటే నష్టం 0.74 దగ్గరే ఆగేది. ఈ లోడ్‌తో ఈ ట్రాన్స్‌ఫార్మర్ భరించగలిగేది 73 శాతం చిల్లర, అంటే 530 ఆంపియర్లు. సరుకులో లోపమేమీ లేకుండానే అది వేడెక్కి తీరుతుంది. దీన్ని తీసేసి అదే రకం కొత్తది పెడితే కొత్తదీ ఇలాగే కాలుతుంది.

క్లాంప్ మీటర్ మీద నమ్మకం రెండు చోట్ల దెబ్బతింటుంది. చవక మీటర్లు సగటు విలువను కొలిచి 1.11తో గుణించి చూపిస్తాయి. ఆ గుణకం సైన్‌కే సరిపోతుంది, కోసుగా ఉన్న రెక్టిఫైయర్ కరెంటును అవి తక్కువ చేసి చెబుతాయి. ట్రూ ఆర్‌ఎమ్‌ఎస్ మీటర్ ఆంపియర్లను సరిగ్గానే చెబుతుంది, కానీ అందులో ఏ హార్మోనిక్ ఎంతుందో చెప్పదు. పై లెక్కకు కావలసింది అదే. కిలోవాట్లు చూసి లోడ్ అంచనా వేసేవాళ్లు ఇంకా మోసపోతారు. మన కేసులో ప్యానెల్ మీటర్ 350 కిలోవాట్లకు అటూ ఇటూగా చూపిస్తుంది. దాన్ని 500తో భాగించి "70 శాతమే కదా" అని తృప్తిపడతారు.

టీహెచ్‌డీ అంటే ప్రాథమిక కరెంటుతో పోలిస్తే హార్మోనిక్స్ అన్నీ కలిపి ఎంత ఉన్నాయో చెప్పే శాతం. దాని గురించి ఒక్క ఉదాహరణ చాలు. 30 శాతం వక్రీకరణ అంతా ఐదో హార్మోనిక్‌లోనే ఉంటే ఎడ్డీ లెక్కలో అది కలిపేది 2.25. అదే 30 శాతం అంతా పదమూడోదాంట్లో ఉంటే 15 దాటుతుంది. టీహెచ్‌డీ అంకె మాత్రం రెండింటికీ ఒకటే.

కాబట్టి అనుమానం వచ్చినప్పుడు చేయాల్సిన మొదటి పని, పవర్ క్వాలిటీ అనలైజర్‌ను సెకండరీ వైపు పెట్టి, లోడ్ గరిష్ఠంగా ఉన్న సమయంలో స్పెక్ట్రమ్ తీసుకోవడం. దాంతోపాటు వేరే కారణాలను కొట్టేయాలి. లోడ్ లేకుండానే బాగా వేడెక్కితే గొడవ కోర్ వైపు, అంటే సరఫరా వోల్టేజీ ఎక్కువగా ఉండటమో ట్యాప్ తప్పు కావడమో. థర్మల్ కెమెరాలో ఒక్క టెర్మినల్ మాత్రమే మెరిస్తే అది వదులు జాయింట్. గాలి దారులు మూసుకుపోతే ఏ రకం లోడ్‌కైనా వేడి పెరుగుతుంది. మూడు ఫేజుల వైండింగులూ దాదాపు సమానంగా వేడెక్కి, కొన్ని రెక్టిఫైయర్లు ఆపి కొన్ని గంటలు ఆగితే, కరెంటు తగ్గుదలకు మించి ఉష్ణోగ్రత దిగితే వేలు హార్మోనిక్స్ వైపే చూపించాలి. అదే బస్ మీద పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్లు ఉంటే వాటిని ఆపి మరోసారి స్పెక్ట్రమ్ తీయండి. ట్రాన్స్‌ఫార్మర్ రియాక్టెన్స్‌తో అవి పదకొండో హార్మోనిక్ దగ్గర రెజొనెన్స్‌కు వస్తే, 8 శాతం ఉన్నది ఎన్నో రెట్లు పెరిగిపోవచ్చు.

ఇక కె-13 సలహా. కె రేటింగ్ భరించే శక్తిని చెబుతుంది, వడపోతను కాదు. అలాంటి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎడ్డీ నష్టం తగ్గేలా తీగను సన్నని పాయలుగా చుడతారు, న్యూట్రల్‌ను లావుగా పెడతారు. దానివల్ల అది కాలదు. ఐదో, ఏడో హార్మోనిక్స్ మాత్రం దాని గుండా ప్రైమరీ వైపు హాయిగా వెళ్లిపోతాయి. డెల్టా వైండింగ్‌లో తిరుగుతూ అక్కడే ఉండిపోయేవి సమతుల్యంగా ఉన్న మూడు, తొమ్మిది లాంటివే. అవి కూడా ఆ డెల్టాను వేడి చేస్తూనే తిరుగుతాయి, ప్రైమరీ లైన్‌లో పెట్టిన అమ్మీటర్‌కు మాత్రం కనిపించవు.

రేటింగ్ ఎంపికలో కూడా 13 అనేది ఎవరో చెప్పిన అంకె. అమెరికా ప్రమాణాల సంస్థ యూఎల్ పద్ధతిలో 4, 9, 13, 20 ఇలా మెట్లు ఉంటాయి. పూర్తి రేటెడ్ కరెంటు దగ్గర మన లోడ్ కె విలువ పై F విలువే, అంటే 7.5, కాబట్టి కె-9 సరిపోతుంది. అనలైజర్ తక్కువ లోడ్‌లో చూపించిన పెద్ద కె విలువను చూసి కంగారుపడి ఇంకా పై మెట్టు కొనకండి. చాలా అనలైజర్లు అప్పటి కరెంటుతోనే భాగించి చూపిస్తాయి, ఆంపియర్లే తక్కువైనప్పుడు ఆ కె ఎంతున్నా వేడి ఉండదు. యూరప్ కేటలాగులు చదివేవాళ్లకు మరో జాగ్రత్త: అక్కడ 'ఫ్యాక్టర్ కె' అంటే సామర్థ్యం ఎంత తగ్గించుకోవాలో చెప్పే వేరే గుణకం.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కొనకుండా బయటపడే దారి కూడా ఉంది. రెక్టిఫైయర్ల ముందు లైన్ రియాక్టర్లు పెట్టాక ఐదో హార్మోనిక్ 30 శాతానికి, ఏడోది 10కి, పదకొండోది 7కి, పదమూడోది 4కి దిగాయనుకుందాం, మిగతావి మారలేదనుకుందాం. అప్పుడు F విలువ 4.9కి వస్తుంది. అదే పనికి ఆర్‌ఎమ్‌ఎస్ కరెంటు కూడా 578 నుంచి సుమారు 553కు తగ్గుతుంది. నష్టం లెక్క 1.01, హద్దు 1.15. పాత ట్రాన్స్‌ఫార్మరే నడుస్తుంది. రియాక్టర్లు పెట్టేలోపు మాత్రం లోడ్‌ను 530 ఆంపియర్ల లోపు ఉంచాలి.