నల్ల చతురస్రాలు లెక్కపెడితే సరిపోదు

ఒక కుటుంబంలో ఏ లక్షణం ఎవరికి ఉందో తరాలవారీగా చూపే పటం పెడిగ్రీ చార్టు. అందులో చతురస్రం మగవారికి, వృత్తం ఆడవారికి గుర్తు; లక్షణం ఉన్నవారి గుర్తును నల్లగా నింపుతారు. దాని గురించి తరచూ వినిపించే మాట ఇది: "పెడిగ్రీ చార్టు చదవడం చాలా సులువు. లక్షణం ప్రతి తరంలో ఉంటే బహిర్గతం, అంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి జన్యువు వచ్చినా బయటపడేది. తరం దాటి వస్తే అంతర్గతం, అంటే ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది. మగవాళ్లకే వస్తే లింగ సహలగ్నం, అంటే లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నట్టు. తండ్రికీ కొడుకుకీ ఉంటే మాత్రం లింగ సహలగ్నం కానే కాదు."

తరాల సూత్రం మన ఇళ్లలోనే దెబ్బతింటుంది. అంతర్గత లక్షణం ఉన్న వ్యక్తి, అదే జన్యులోపాన్ని బయటపడకుండా మోస్తున్న బంధువును పెళ్లాడితే ప్రతి బిడ్డకూ ఆ లక్షణం వచ్చే అవకాశం సగం. మేనరికాలు వరసగా జరిగిన కుటుంబంలో మూడు తరాలూ నల్లగా కనిపించినా అది అంతర్గతమే కావచ్చు. అందుకే ముందుగా ఒక్క జంట కోసం వెతకాలి. తల్లిదండ్రులిద్దరికీ లేని లక్షణం పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే అంతర్గతమని దాదాపు తేలినట్టే. ఒక్క బిడ్డకే ఉంటే కొత్త ఉత్పరివర్తన, అంటే జన్యువులో కొత్తగా వచ్చిన మార్పు, అయి ఉండవచ్చనే సందేహం మిగులుతుంది.

మగపిల్లల సంగతి. ఒక ఇంట్లో లక్షణం ఉన్న ముగ్గురూ మగపిల్లలే అనుకుందాం. లింగంతో సంబంధం లేని లక్షణమైనా, కేవలం యాదృచ్ఛికంగా అలా జరిగే అవకాశం ఎనిమిదింట ఒకటి. దాన్ని రుజువు అనలేం.

అసలు సాక్ష్యం అల్లుళ్ల దగ్గర ఉంటుంది. విక్టోరియా రాణి వంశంలోని హీమోఫీలియాను, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బును చూడండి. ఆమె కూతురు ఆలిస్, ఆలిస్ కూతురు అలెగ్జాండ్రా, ఆమె కొడుకు 1904లో పుట్టిన రష్యా యువరాజు అలెక్సీ. మరో కూతురు బియాట్రిస్ ద్వారా ఇదే జబ్బు స్పెయిన్ రాజకుటుంబానికి చేరింది. ఇది లింగంతో సంబంధం లేని అంతర్గత లక్షణమే అయితే అలెగ్జాండ్రాను పెళ్లాడిన రష్యా అల్లుడు నికొలస్, బియాట్రిస్ కూతురిని పెళ్లాడిన స్పెయిన్ అల్లుడు అల్ఫాన్సో కూడా ఇంత అరుదైన లోపాన్ని మోస్తూ ఉండాలి. అది నమ్మశక్యం కాదు. మగబిడ్డకు ఉండే ఒకే ఒక్క ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి, లోపం తల్లి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉందంటే అల్లుళ్ల ప్రమేయమే అక్కరలేదు. రాణి కొడుకు లియోపోల్డ్‌కు జబ్బు ఉంది, అతని కొడుక్కి రాలేదు, కూతురి కొడుక్కి వచ్చింది. తండ్రి ఎక్స్ కూతురికే వెళ్తుంది కాబట్టి ఇదీ సరిపోయింది. 2009లో అలెక్సీ కుటుంబమైన రొమనోవ్‌ల ఎముకల డీఎన్ఏలో ఎక్స్ మీది జన్యువులోనే లోపం దొరికింది.

ఇక తండ్రీ కొడుకుల సూత్రం. తల్లి బయటి కుటుంబం నుంచి వచ్చి, జబ్బు అరుదైనదైతే అది నమ్మదగినదే. కానీ హీమోఫీలియా ఉన్న వ్యక్తి తన అక్క కూతురిని పెళ్లి చేసుకున్నాడనుకోండి. తల్లి నుంచి అతనికి వచ్చిన లోపమే అక్కకూ వచ్చే అవకాశం సగం, అక్క నుంచి ఆ అమ్మాయికి మళ్లీ సగం. అంటే ఆమె వాహకురాలయ్యే అవకాశం నాలుగింట ఒకటి. అప్పుడు పుట్టిన కొడుక్కి జబ్బు వస్తే అది తండ్రి ఇచ్చింది కాదు, తల్లి ఎక్స్ నుంచి వచ్చింది. చార్టులో మాత్రం తండ్రి కింద కొడుకు, ఇద్దరూ నలుపే. ఆ దంపతులను కలిపే గీత రెండు వరసలుగా ఉందేమో చూడండి. రెండు గీతలంటే రక్తసంబంధ వివాహం. అలాంటి చోట ఎక్స్‌ను కొట్టివేసే ముందు తల్లి పుట్టింటి వైపు చార్టును కూడా చదవాలి.