ప్రకటనలో 32, లెక్కలో 197

‘నెలకు వంద పార్సిళ్లు దాటితే అరకిలోకు 32 రూపాయలే’ అంటూ లాజిస్టిక్స్ కంపెనీలు చిన్న ఆన్‌లైన్ అమ్మకందారులకు చేరవేసే పోస్టుల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది సాధారణంగా ఒకే ఊరిలో డెలివరీకి వర్తించే అతి తక్కువ ధర. అమ్మకందారు నిజంగా కట్టేది డబ్బా కొలతను బట్టి, ఎన్ని పార్సిళ్లు వెనక్కి వచ్చాయన్నదాన్ని బట్టి తేలుతుంది.

లాడ్‌బజార్ లక్క గాజులను హైదరాబాద్ నుంచి శ్రీకాకుళానికి పంపే ఒక అమ్మకందారును తీసుకుందాం. ప్యాకింగ్‌తో కలిపి బరువు 400 గ్రాములే. కానీ డబ్బా 22 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు, 10 ఎత్తు ఉంటే, ఈ మూడింటినీ హెచ్చించి 5000తో భాగిస్తారు కాబట్టి 792 గ్రాముల ‘వాల్యూమెట్రిక్’ బరువు వస్తుంది. అసలు బరువు, ఈ బరువుల్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు గనుక పార్సిల్ కిలో స్లాబులో పడుతుంది. ఆ దూరానికి మొదటి అరకిలోకు 48, తర్వాతి అరకిలోకు 40, క్యాష్ ఆన్ డెలివరీకి 35 రూపాయలనుకుంటే, 18 శాతం జీఎస్టీతో కలిపి 145 అవుతుంది.

పదింటిలో రెండు పార్సిళ్లను కొనేవారు తీసుకోలేదనుకోండి. ఆ రెండింటికీ క్యాష్ ఆన్ డెలివరీ రుసుము మినహాయించినా, రానుపోను రవాణా చార్జీ పన్నుతో కలిపి ఒక్కోదానికి 208 దాకా పడుతుంది. ఈ భారమంతా అమ్ముడైన ఎనిమిదింటి మీదే వేయాలి కనుక ఒక్కో గాజుల సెట్టుకు రవాణా ఖర్చు సుమారు 197 రూపాయలు.

ఇప్పుడు ధరల పట్టికను అలాగే ఉంచి, డబ్బా ఎత్తును మాత్రం 6 సెంటీమీటర్లకు తగ్గిద్దాం. వాల్యూమెట్రిక్ బరువు 475 గ్రాములకు దిగి అరకిలో స్లాబులోకి వస్తుంది, అదే రిటర్నుల లెక్కతో ఖర్చు 126కు పడిపోతుంది. నాలుగు సెంటీమీటర్ల అట్ట మిగిల్చిన ఈ 71 రూపాయలను ఏ బల్క్ డిస్కౌంటూ ఇవ్వదు. అయినా మన అమ్మకందారుల బేరమంతా అరకిలో ధరలో రెండు రూపాయల దగ్గరే ఆగిపోవడం విచిత్రం.

భాజకాన్ని కొన్ని కంపెనీలు 5000కు బదులు 4000గా పెట్టుకుంటాయి. అప్పుడు అదే చిన్న డబ్బా 594 గ్రాములై మళ్లీ కిలో స్లాబుకు ఎక్కుతుంది. అంటే అరకిలోకు మూడు రూపాయలు తక్కువ చూపిన కంపెనీయే చివరికి ఖరీదైనది కావచ్చు. ఇంత ముఖ్యమైన అంకె పోస్టులో ఉండదు, ఒప్పందం షరతుల్లో ఉంటుంది.

హబ్‌లో యంత్రం కొలిచిన పరిమాణం మనం రాసినదానికన్నా ఎక్కువైతే తేడా సొమ్మును కంపెనీ దగ్గర మనం ముందే డబ్బు వేసి ఉంచే వాలెట్‌లోంచి తర్వాత కోసేస్తారు. ఉబ్బిన కవర్ల విషయంలో ఈ తగాదా ఎక్కువ. అభ్యంతరం చెప్పడానికి కొద్ది రోజుల గడువే ఉంటుంది గనుక, టేపు ఆనించి మూడు వైపులా తీసిన ఫొటోలూ, తూకం మీద పార్సిల్ ఫొటో ఒకటీ పికప్‌కు ముందే సిద్ధంగా ఉండాలి.