టెక్ డెట్‌కి ఇచ్చిన ఇరవై శాతం డెమో రోజున లెక్క తేలాలి

ఏ టీమ్‌ని అడిగినా "మేం ప్రతి స్ప్రింట్‌లో 20 శాతం టెక్ డెట్‌కి పక్కన పెడతాం" అంటారు. మేమూ అలాగే అనేవాళ్లం. పోయినేడాది ఒకరోజు కూర్చుని నాలుగు స్ప్రింట్ల లెక్క తీశాను. ఆ రోజు నుంచి ఆ మాట ఎవరన్నా "పెట్టారు సరే, పూర్తయింది ఎంత?" అని అడగకుండా ఉండలేకపోతున్నాను.

మేం ఆరుగురం, బిల్లింగ్ ప్రొడక్ట్ మీద పనిచేస్తాం. రెండు వారాల స్ప్రింట్‌లో సుమారు 40 పాయింట్ల పని అవుతుంది. అందులో 8 పాయింట్లు డెట్‌వి. నాలుగు స్ప్రింట్ల ప్లానింగ్‌లోనూ ఆ 8 ఉన్నాయి. పూర్తయినవి మాత్రం వరుసగా 3, 0, 5, 0. అంటే 160 పాయింట్లలో 8. ఇరవై శాతం అని మేం చెప్పుకుంటున్నది నిజానికి ఐదు శాతం.

ఎవరూ మోసం చేయలేదు. ప్రతిసారీ రెండో వారం మంగళవారమో బుధవారమో ఒక కస్టమర్ నుంచి అర్జెంటు పని వచ్చేది. మా పీఎం వచ్చి "ఈ ఒక్క స్ప్రింట్‌కి ఆ డెట్ టికెట్ పక్కన పెట్టండి, వచ్చే స్ప్రింట్‌లో పదహారు తీసుకుందాం" అనేవారు. ఆయన మనస్ఫూర్తిగానే అనేవారు, మేమూ సరేననేవాళ్లం. ఆ పదహారు ఒక్కసారి కూడా రాలేదు. ఫీచర్ టికెట్ వెనక ఒక కస్టమర్ పేరు, ఒక తేదీ ఉంటాయి. డెట్ టికెట్ వెనక ఏమీ ఉండదు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఏది ముఖ్యం అని అడిగితే ప్రతిసారీ ఫీచరే గెలుస్తుంది. వాటా ముందే ఖాయం చేసేది ఇందుకే. అప్పుడు డెట్ పనికి ఫీచర్‌తో పోటీ ఉండదు, ఇంకో డెట్ పనితోనే ఉంటుంది. ఆ పోటీలో ఏది ముందో తేల్చాల్సింది రోజూ ఆ కోడ్‌లో పనిచేసేవాళ్లు.

వాయిదా వేసినందుకు మేం ఎంత కట్టామో చెప్తాను. మా టెస్టులన్నీ ఒకే డేటాబేస్‌లో ఒకే కస్టమర్ రికార్డు, నంబర్ 1001, వాడుకునేవి. ఇన్‌వాయిస్ టెస్టు ఆ కస్టమర్‌కి మొత్తం లెక్కకడుతుండగా, పక్కన నడుస్తున్న టాక్స్ టెస్టు అదే కస్టమర్ రాష్ట్రం మార్చేసేది. లెక్క తప్పేది, బిల్డ్ ఎర్రబడేది. కోడ్‌లో తప్పేమీ ఉండదు, మళ్లీ నడిపితే పచ్చగా వచ్చేది. విసిగిపోయి ఎప్పుడో ఎవరో టెస్టులు ఒకేసారి నడవకుండా ఒకదాని తర్వాత ఒకటి నడిచేలా మార్చారు. దాంతో బిల్డ్ 42 నిమిషాలకు చేరింది. ఒక టెస్టు వదిలేసిన చెత్త మరోదానికి తగిలి అప్పుడప్పుడూ ఫెయిలవడం మాత్రం ఆగలేదు. రోజుకి మూడుసార్లు రీరన్ అనుకున్నా రెండు గంటలు దాటిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. బిల్డ్ ఎర్రగా ఉంటే ఎవరూ చదవడం లేదు, రీరన్ నొక్కేస్తున్నారు. అలా ఒక నిజమైన రౌండింగ్ తప్పు రెండో రన్‌లో దాటిపోయి ప్రొడక్షన్‌కి వెళ్లింది.

దీనికి మా దగ్గర "టెస్టులు బాగుచేయాలి" అని 40 పాయింట్ల టికెట్ ఒకటి ఏడాదిగా పడి ఉంది. అంత పెద్ద టికెట్ 8 పాయింట్ల వాటాలో ఎలా పడుతుంది? దాన్ని ఫోల్డర్ల వారీగా ముక్కలు చేశాం: ఇన్‌వాయిస్ టెస్టులు 3, రీఫండ్ 3, టాక్స్ 2, ఇలా. ప్రతి ముక్కలో పని ఒకటే. టెస్టు తన కస్టమర్‌ని తానే సృష్టించుకోవాలి, 1001ని ముట్టుకోకూడదు. ముక్క పూర్తయిన ఫోల్డర్‌ని అప్పటికప్పుడే పారలల్‌గా నడపడం మొదలుపెట్టాం. దాంతో మధ్యలో ఆపాల్సి వచ్చినా చేసింది వృథా కాలేదు. మూడు స్ప్రింట్లు, 21 పాయింట్లు పట్టింది. టికెట్ మీద వేసిన 40 భయంతో వేసిన అంచనా. బిల్డ్ ఇప్పుడు 14 నిమిషాలు.

మూడు స్ప్రింట్లు ఆ 8 ఎలా నిలిచాయంటే, లెక్క వేసే రోజు మార్చాం. ప్లానింగ్‌లో పెట్టింది కాదు, స్ప్రింట్ ముగిసేసరికి పూర్తయిందే లెక్క. డెమో రోజు ఉదయం జిరాలో ఇది నడుపుతాం:

```
project = BILL AND labels = tech-debt
AND type != Bug AND resolved >= -14d
```

వచ్చిన పాయింట్లు కూడి, ఫీచర్ల పక్కనే అదే స్లైడ్ మీద, అదే సైజులో పెడతాం. డెట్‌కి వేరే పేజీ పెడితే దాన్ని ఇంజనీర్లు తప్ప ఎవరూ తెరవరు. కింద ఒక వరుసలో గత నాలుగు స్ప్రింట్ల సగటు ఉంటుంది. వాటాలోంచి ఎవరైనా అప్పు తీసుకోవచ్చు, మేం అడ్డు చెప్పం. ఎన్ని పాయింట్లు, ఏ పని కోసం, ఎవరు అడిగారు అన్నది మాత్రం ఆ స్లైడ్ మీదికి వస్తుంది. సగటు 15 శాతం కంటే దిగితే తర్వాతి ప్లానింగ్‌లో డెట్ పని ముందు నింపి, ఆ తర్వాతే ఫీచర్లు. మొదటిసారి అప్పు రాసినప్పుడు పీఎం కాస్త ఇబ్బందిపడ్డారు. రెండోసారి నుంచి అర్జెంటు పని వస్తే ముందు ఏ ఫీచర్ తగ్గించాలో ఆయనే చూసుకుంటున్నారు.

పైన `type != Bug` ఎందుకుందో చెప్పాలి. మధ్యలో ఒక నెల మా సగటు చక్కగా 21 శాతం చూపించింది, డెవలపర్ల బాధలు మాత్రం తగ్గలేదు. టికెట్లు తెరిచి చూస్తే సగం ప్రొడక్షన్ బగ్గులు, ఒకటి రిపోర్టులో కొత్త కాలమ్. వాటికీ డెట్ లేబుల్ తగిలించేశారు. అప్పటినుంచి వాడేవాళ్లకి తేడా కనిపించే పని ఏదైనా డెట్ కాదు. ప్రతి డెట్ టికెట్ మీద ఒక వాక్యం తప్పనిసరి: ఇది ఇలాగే ఉంటే వారానికి ఎవరి టైమ్ ఎంత పోతోంది. ఆ వాక్యం రాయలేకపోతే ఆ పనికి ఇంకా వేళ రాలేదన్నట్టే. ఎవరూ ముట్టుకోని పాత మాడ్యూల్ ఎంత వికారంగా ఉన్నా దాని మీద వడ్డీ పడటం లేదు.

ఈ వాటాతో అన్నీ తీరవు. స్ప్రింగ్ బూట్ 2 నుంచి 3కి వెళ్లాలంటే కోడ్ అంతటా `javax` పేర్లు `jakarta` అవ్వాలి, వాడే లైబ్రరీలు కూడా దాంతోపాటే మారాలి. జావా 17కి రావడం, 2.7కి చేరడం లాంటివి వాటాలో ముందే చేసుకోవచ్చు. చివరి గెంతు మాత్రం ఒక్కసారే, దానికి ఫీచర్‌లాగే విడిగా తేదీ, మనుషులు కావాలి. వాటా ఎక్కడా ఇవ్వకుండా చాలాకాలం నెట్టుకొస్తే ఏమవుతుందో 2011లో లింక్డ్ఇన్ చూపించింది. ఐపీఓ అయిన కొద్ది నెలలకే కెవిన్ స్కాట్ నాయకత్వంలో కొత్త ఫీచర్ల పని సుమారు రెండు నెలలు ఆపేసి లోపలి వ్యవస్థలు సరిచేసుకోవాల్సి వచ్చింది. వాళ్లకి ఆగే స్తోమత ఉంది. ఆరుగురు మనుషులు, మూడు కస్టమర్ తేదీలు ఉన్న మాలాంటి టీమ్‌కి రెండు నెలలు ఎవరిస్తారు?

ఈ స్ప్రింట్‌లోని 8 పాయింట్లలో 5 రీఫండ్ మాడ్యూల్‌లో రెండుచోట్ల ఉన్న ఒకే పన్ను లెక్కని ఒకచోటికి తేవడానికి, 3 రాత్రి నడిచే జాబ్ ఫెయిలైతే మొదటినుంచి కాకుండా ఆగినచోటి నుంచి మొదలయ్యేలా చేయడానికి. నిన్న పీఎం మొదటిది ఎప్పటికవుతుందని అడిగారు. వచ్చే నెల ఆయన ఫీచర్ ఒకటి దాని మీదే ఆధారపడి ఉంది.