నగ ధరలో తరుగు ఎంత? అసలు దేనిమీద?

నగల షాపుకు వెళ్తే అందరం ముందు బోర్డు మీది గ్రాము రేటు చూస్తాం. తర్వాత తరుగు ఎంత శాతమో అడుగుతాం. కానీ ఆ శాతాన్ని ఏ బరువు మీద వేస్తున్నారన్నది చాలామంది అడగరు. రాళ్ల నగల్లో తేడా వచ్చేది అక్కడే.

ఒక రాళ్ల నెక్లెస్ తీసుకుందాం. మొత్తం బరువు 24 గ్రాములు. అందులో రాళ్లు 4 గ్రాములు, బంగారం 20 గ్రాములు. లెక్క తేలిగ్గా ఉండటానికి 22 క్యారెట్ల రేటు గ్రాముకు 9,000 రూపాయలనుకుందాం. బంగారం విలువ 1,80,000.

మొదటి షాపులో తరుగు 14 శాతం, మజూరీ గ్రాముకు 300, రాళ్లకు 8,000 అన్నారు. తరుగును బంగారం బరువు మీదే వేశారు కాబట్టి 2.8 గ్రాములకు 25,200 అయింది. మజూరీ 6,000. అన్నీ కలిపితే 2,19,200.

రెండో షాపులో తరుగు 10 శాతమే, మజూరీ లేదన్నారు. వినగానే ఇదే చవక అనిపిస్తుంది. కానీ వాళ్లు తరుగును రాళ్లతో కలిపి 24 గ్రాముల మీద వేశారు, అంటే 21,600. రాళ్లకు 18,000 రాశారు. మొత్తం 2,19,600. అదే నగకు, తరుగు తక్కువన్న చోట 400 ఎక్కువ!

తరుగు అంటే పనిలో పోయే బంగారం అని చెబుతారు. నిజానికి ఆకురాయి పొడి, ముక్కలు చాలావరకు మళ్లీ కరిగించి వాడుకుంటారు. అందుకే నా దృష్టిలో తరుగు, మజూరీ రెండూ ఒకటే ఖర్చు. రెండింటినీ కలిపి రూపాయల్లో చెప్పమని అడగాలి.

ఈ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ పడుతుంది. తరుగు మీదా, మజూరీ మీదా, రాళ్ల మీదా పన్ను కట్టినట్టే. మొదటి షాపులో అది 6,576. హాల్‌మార్క్ చార్జీ నగకు 45, దానిమీద పన్నుతో కలిపి 53. చివరి బిల్లు 2,25,829.

మర్నాడే తిరిగి అమ్మాలంటే? రేటు మారకపోయినా, కోతేమీ వేయకపోయినా 20 గ్రాములకు 1,80,000 వస్తుంది. రాళ్లకు సాధారణంగా విలువ కట్టరు. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే గ్రాము రేటు 11,291 దాటాలి. పిల్ల పెళ్లికి దాచినట్టు ఉంటుందని నగ కొనేవాళ్లు ఈ ఒక్క అంకె ముందే చూసుకుంటే, రాళ్లు లేని సాదా గొలుసు కొనాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకోగలరు.

హాల్‌మార్క్ నగ బిల్లులో బంగారం నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ చార్జీ విడివిడిగా రాయాలి. నగ మీద ఉండే ఆరు అక్షరాంకెల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీని BIS Care యాప్‌లో కొట్టి చూస్తే నగ స్వచ్ఛత తెలుస్తుంది. రాళ్ల బరువు మాత్రం డబ్బు కట్టేముందు మీరే అడిగి, బిల్లు మీద రాయించుకోవాలి.