ఒక్క లాటే ఉన్న మాస్టారికి కవర్డ్ కాల్ ఎందుకు?

తిరుపతిలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు దగ్గర ఒక ప్రైవేటు బ్యాంకు షేర్లు 500, అంటే ఒక ఆప్షన్ కాంట్రాక్టుకు సరిపడే ఒక్క లాట్, ఉండేవి. సర్వీసులో ఉండగానే విడతలు విడతలుగా కొన్నారు, సగటు ధర 620 రూపాయలు. గత ఏడాది ఆ షేరు 1,180 దగ్గర ఉన్నప్పుడు నెల రోజుల గడువుతో 1,240 స్ట్రైక్ కాల్ అమ్మారు, అంటే గడువు రోజున ఆ షేర్లను 1,240 చొప్పున కొనుక్కునే హక్కును ఇంకొకరికి ఇచ్చారు. అందుకు ప్రీమియం షేరుకు 18 రూపాయల చొప్పున 9,000 చేతికొచ్చింది. గడువు తీరే రోజున షేరు 1,240 పైన ముగిసింది, 500 షేర్లూ ఆ ధరకే వెళ్లిపోయాయి. పది రోజులకు బ్యాంకు ఫలితాలు వచ్చాయి. మూడు వారాల్లో షేరు 1,455కి చేరింది.

బైరాగిపట్టెడ వైపు ఆయన వాకింగ్ మిత్రులు దీన్ని విని, ఆప్షన్స్ జోలికి పోతే ఇంతే అన్నారట. ఆయనకు ఈ దారి చూపించిన పాత విద్యార్థి మాత్రం, ‘బ్యాడ్ లక్ సార్, వచ్చే నెల చూసుకుందాం’ అన్నాడు. నా ఉద్దేశంలో రెండు మాటలూ తప్పే. ఇది జూదమూ కాదు, దురదృష్టమూ కాదు. ఆయన ఏ ఒప్పందం మీద సంతకం పెట్టారో ఆ ఒప్పందం అక్షరాలా అమలైంది. అదేమిటో ఆయనకు ఎవరూ సరిగా చెప్పలేదన్నదే నా బాధ.

రేణిగుంట రోడ్డులో స్థలం ఉన్న మనిషిని ఊహించండి. ఒకాయన వచ్చి, ‘నెల తిరిగిన రోజున ఈ ధరకు కొనే హక్కు నాకివ్వండి, కొనకపోయినా ఈ అడ్వాన్సు మీదే’ అని అగ్రిమెంట్ రాయించుకున్నాడు. ధర పెరిగితే అతను తప్పకుండా కొంటాడు, తగ్గితే అడ్వాన్సు వదులుకుని వెళ్లిపోతాడు, తగ్గిన స్థలం మాత్రం ఓనర్ దగ్గరే ఉంటుంది. కవర్డ్ కాల్ అంటే ఇంతే. మన దగ్గర షేర్లు ఉన్నాయి కాబట్టి అడిగినప్పుడు ఇవ్వగలం, అందుకే దాన్ని కవర్డ్ అంటారు. కానీ షేరు పడిపోతే కాపాడే కవరేమీ అందులో లేదు. అదే నెల 1,180 నుంచి 1,000కి పడి ఉంటే మాస్టారికి 90,000 పోయేది, 9,000 మిగిలేది.

‘సార్, షేర్లు ఊరికే పడున్నాయి గదా, నెలనెలా పెన్షన్ మాదిరి ఏదో ఒకటి వస్తుంది’ అని ఆ విద్యార్థి చెప్పినప్పుడు మాస్టారు అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఏమప్పా, షేర్లు నా దగ్గరే ఉంటాయి గదా?’ ఉంటాయన్నాడు. 2018కి ముందైతే ఆ జవాబు నిజమే. అప్పట్లో మన స్టాక్ ఆప్షన్స్ అన్నీ నగదుతోనే సెటిల్ అయ్యేవి. స్ట్రైక్‌కూ ముగింపు ధరకూ ఉన్న తేడా కడితే సరిపోయేది, షేర్లు డీమ్యాట్‌లో కదలకుండా ఉండేవి. 2018 జూలై నుంచి దశలవారీగా మారుస్తూ 2019 అక్టోబరు నాటికి స్టాక్ డెరివేటివ్స్ మొత్తానికీ షేర్ల డెలివరీని తప్పనిసరి చేశారు. ఇప్పుడు గడువు రోజున షేరు స్ట్రైక్ కంటే ఒక్క రూపాయి పైన ముగిసినా కాల్ దానంతటదే ఎక్సర్‌సైజ్ అవుతుంది, అమ్మినవాళ్లు షేర్లు అప్పజెప్పాల్సిందే. పాత సలహాలు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి నేర్చుకున్నవారికి ఇంకో గందరగోళం. అక్కడ స్టాక్ ఆప్షన్లను కొన్నవారు గడువులోపు ఏ రోజైనా షేర్లు లాక్కోవచ్చు. మన దగ్గర 2011 జనవరి నుంచి స్టాక్ ఆప్షన్లు యూరోపియన్ పద్ధతికి మారాయి, తేలేది గడువు రోజునే. కాబట్టి నెల మధ్యలో షేరు 1,260కి పోయినా మాస్టారికి టెన్షన్ అక్కర్లేదు. అసలు నిర్ణయమంతా ఆ ఒక్క రోజుకు, నిజం చెప్పాలంటే ఆ చివరి అరగంటకు చేరుతుంది.

ఆ అరగంటలో జరిగింది కాస్త దగ్గరగా చూడాలి. మూడు గంటలకు షేరు 1,250 దగ్గర ఉంది. మూడుం పావు తర్వాత నెమ్మదిగా జారింది. మూడున్నరకు ఒక నిమిషం ముందు మాస్టారి ఫోన్ స్క్రీన్ మీద ధర 1,238. స్ట్రైక్ కంటే తక్కువ కదా, గండం గడిచిందనుకుని ఆయన ఫోన్ పక్కన పెట్టేశారు. సాయంత్రానికి బ్రోకర్ నుంచి మెసేజ్ వచ్చింది, 500 షేర్లు డెలివరీ ఇవ్వాలని. ఆయన ఏదో పొరపాటు జరిగిందని ఫోన్ చేసి గట్టిగానే అడిగారు. పొరపాటు లేదు. సెటిల్‌మెంట్‌కు తీసుకున్నది చివరి ట్రేడు ధర కాదు. మూడు నుంచి మూడున్నర వరకు జరిగిన ట్రేడుల సగటును, ఏ ధరకు ఎన్ని షేర్లు చేతులు మారాయో ఆ బరువుతో లెక్కగట్టి, ముగింపు ధర నిర్ణయించారు. ఆ సగటు 1,243 వచ్చింది. స్ట్రైక్‌కు దగ్గరగా షేరు కొట్టుమిట్టాడే రోజున స్క్రీన్ మీద కదిలే అంకెను నమ్మడానికి లేదు. కాల్ ధరే నిజం చెబుతుంది. మూడుం పది నిమిషాలకు ఆ కాల్ ఇంకా ఐదు రూపాయలు పలుకుతోంది. కాసేపట్లో సున్నా అయ్యే కాల్‌కు అంత ధర ఉండదు.

అప్పుడే దాన్ని తిరిగి కొనేసి ఒప్పందం నుంచి బయటపడి ఉంటే 2,500 ఖర్చు. షేర్లు మిగిలేవి. ఎందుకు కొనలేదని అడిగితే, వచ్చిన 9,000లో 2,500 తగ్గిపోతుంది కదా అన్నారు. ఆరు నెలలుగా ఆయన దృష్టి మొత్తం ప్రీమియం మీదే ఉంది. ఆ ఆరు నెలల్లో వచ్చింది మొత్తం 51,000. ఒక నోటుబుక్కులో నెలవారీగా, చాలా శుభ్రంగా రాసి పెట్టుకున్నారు. పక్కన షేరు ధరకు మాత్రం గడి లేదు.

ఇక పోయింది ఎంత? మిత్రులు చెప్పే లెక్క 1,455లోంచి 1,240 తీసేసి 500తో హెచ్చించడం: 1,07,500. ఈ లెక్కతో నేను ఏకీభవించను. ప్రతి నెలా కాల్ అమ్మే మనిషికి ఆ ర్యాలీ మొత్తం ఎన్నడూ దక్కేది కాదు. పాత కాల్‌ను ఐదు రూపాయలకు కొనేసి, అలవాటు ప్రకారం వచ్చే నెల 1,280 స్ట్రైక్‌ను అమ్మారనుకుందాం. మధ్యలో ఫలితాలు ఉన్నాయి కాబట్టి దాని ప్రీమియం కాస్త ఎక్కువే, ఆ రోజు 30 రూపాయలు ఉంది. అంటే షేరుకు 25 మిగులు, స్ట్రైక్ మరో 40 పైకి. రెండూ కలిపితే 65, మొత్తం మీద 32,500. ఆ తర్వాత 1,280 దగ్గర షేర్లు ఎలాగూ పోయేవే. కాబట్టి ఆ చివరి అరగంట పొరపాటు విలువ 32,500. మిగతా 75,000 పోయింది ఆ రోజు కాదు, నెలనెలా కాల్ అమ్మాలని మొదట నిర్ణయించుకున్న రోజునే పోయింది. అప్పటికి కనపడలేదంతే.

అసలు చిక్కు ఆయన దగ్గర ఒక్క లాటే ఉండటంలో ఉంది. ఈ షేరు లాట్ 500, ఆయన దగ్గరున్నవీ 500. సగం షేర్ల మీద కాల్ రాసి, సగం పెరగడానికి వదిలేసే వీలు ఆయనకు లేదు. అమెరికాలో సాధారణంగా 100 షేర్లకు ఒక కాంట్రాక్టు. మన దగ్గర ఒక్కో లాట్ విలువ లక్షల్లో ఉంటుంది, ఈయనది దాదాపు ఆరు లక్షలు. కాబట్టి మనలో చాలామంది చిన్న మదుపరులకు కవర్డ్ కాల్ అంటే ఆ కంపెనీలో ఉన్న మొత్తం వాటాకూ ఒకేసారి అమ్మకపు ఒప్పందం రాసివ్వడమే. రెండు మూడు లాట్లు ఉన్నవాళ్లు ఒకదాని మీద రాసుకుంటే అర్థముంది. ఒక్క లాట్ ఉన్నవాళ్లు రాయాలంటే, ఆ ధరకు మొత్తం అమ్మేసినా నాకు సంతోషమే అనుకున్నప్పుడే రాయాలి. మాస్టారు ఆ షేర్లను మనవరాలి చదువు కోసం ఉంచుకున్నారు. అలాంటివాటి మీద 9,000 కోసం కాల్ రాయించడం మంచి సలహా కాదని నేను గట్టిగా అంటాను.

సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనం ప్రకారం అంతకుముందు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో, ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మాస్టారి స్టేట్‌మెంట్ చూస్తే ఆయన ఆ జాబితాలో కనిపించరు. దక్కకుండా పోయిన పెరుగుదలకు ఏ స్టేట్‌మెంట్‌లోనూ వరుస ఉండదు కాబట్టి, ఈ పద్ధతి బాగా నడుస్తున్నట్టే చాలాకాలం అనిపిస్తుంది.

పన్ను సంగతి మాత్రం కాగితం మీదే ఉంది, ఆయన ముందుగా అసలు ఊహించనిది అదే. షేర్లు డెలివరీ అయ్యాయంటే 1,240కి అమ్మినట్టే. 620కి కొన్నవి కాబట్టి దీర్ఘకాలిక లాభం 3,10,000. అందులో 1,25,000 మినహాయిస్తే మిగిలిన 1,85,000 మీద 12.5 శాతం, సెస్‌తో కలిపి 24,050. అమ్మాలనుకోని షేర్ల మీద, తనకు వీలైన ఏడాది చూసుకోకుండా కట్టిన పన్ను ఇది. దాదాపు సగం ప్రీమియం దీనికే పోయింది. మర్నాడే అదే ధరకు తిరిగి కొన్నా ఈ పన్ను తప్పదు.

ప్రీమియం సంగతి వేరు. అది వ్యాపార ఆదాయం కింద లెక్క. ఇన్నాళ్లూ పెన్షన్ చూపించి సులువైన రిటర్న్ వేస్తున్న మనిషి ఇప్పుడు ఐటీఆర్-3 వేయాలి. అరవై దాటి, వ్యాపార ఆదాయం లేనివాళ్లకు అడ్వాన్స్ ట్యాక్స్ కట్టనక్కర్లేదన్న వెసులుబాటు ఉంది. కాల్ అమ్మిన ఏడాది అది పోతుంది. పెన్షన్‌లో కోసిన టీడీఎస్ పోను ఇంకా పదివేలు, అంతకు మించి పన్ను తేలితే వాయిదాల ప్రకారం ముందే కట్టాలి, చివరి వాయిదా మార్చి 15. ఈ సంగతి మాస్టారికి ఆడిటర్ చెప్పాకే తెలిసింది, అప్పటికి వడ్డీ కూడా కలిసింది.

ఇప్పుడు ఆయన దగ్గర 6,20,000 ఉంది. షేరు మళ్లీ 1,240కి దిగితే కొంటానని కూర్చున్నారు. ఆ 1,240 ఆయన అమ్మిన ధర, అంతకుమించి దానికి ఆ బ్యాంకుతో ఏ సంబంధమూ లేదు. ఈ రోజు ధరకు, ఈ రోజు ఫలితాలు చూసి ఆ షేరు కావాలనిపిస్తే కొనుక్కోవాలి, వద్దనిపిస్తే ఆ డబ్బు మనవరాలి ఫీజు గడువుకు సరిపడే డిపాజిట్‌లో వేసుకోవాలి. ఆయనతో ఇదే చెప్పాను. ఆలోచిస్తానన్నారు.