రెండో అబ్బాయికి పునరావాసం ఎప్పుడు?

టీనేజ్ నవలల్లో ఒక వర్గానికి ఏళ్ల తరబడి అన్యాయం జరుగుతున్నా ఎవరూ నోరు మెదపడం లేదు. నేను చెబుతున్నది ప్రేమ త్రికోణాల్లోని రెండో అబ్బాయి గురించి. మొదటి అబ్బాయి మొదటి అధ్యాయంలో గోడకు ఆనుకుని నిలబడతాడు, ఎవరితోనూ మాట్లాడడు, కళ్లల్లో ఏదో బాధ ఉంటుంది. ఇక అతనికి చేయాల్సిన పనేమీ లేదు. రెండో అబ్బాయి మాత్రం హీరోయిన్‌ను నవ్వించాలి, ఏడిస్తే ఓదార్చాలి, అర్ధరాత్రి ఫోన్ ఎత్తాలి. పన్నెండో అధ్యాయంలో అతనికి ఒక ముద్దు దక్కుతుంది. పదమూడో అధ్యాయంలో దానికి సారీ చెబుతారు.

సర్వీసంతా ఇలా చేయించుకున్నాక సాగనంపే పద్ధతి ఇంకా ఘోరం. చంపేస్తారు. లేదంటే చివరి యాభై పేజీల్లో ఉన్నట్టుండి దుర్మార్గుణ్ని చేస్తారు. దయగల రచయితలైతే ఆఖరి అధ్యాయంలో ఎవరో ఒకరిని తెచ్చి జత చేసి చేతులు దులుపుకుంటారు. ట్వైలైట్ సిరీస్‌లో జాకబ్‌కు ఈ మూడో ప్యాకేజీయే దక్కింది. బెల్లా కోసం పుస్తకాల తరబడి ఎదురుచూసిన కుర్రాడు, 2008లో వచ్చిన బ్రేకింగ్ డాన్‌లో ఆమెకు అప్పుడే పుట్టిన కూతురితో విధి తనను ముడివేసిందని కనుక్కుంటాడు. ఎంపిక చేసే ఇబ్బంది బెల్లాకు తప్పింది, ఓడిపోయే బాధ జాకబ్‌కు తప్పింది. పాఠకులకే ఏదీ తప్పలేదు.

ఇంత జరిగినా ఈ ఉద్యోగాన్ని ఎందుకు రద్దు చేయరు? అతను లేకపోతే చాలా నవలలు నూట యాభయ్యో పేజీలోనే అయిపోతాయి కాబట్టి. హీరోయిన్ ఈ అధ్యాయంలో ఇతనంటుంది, వచ్చే అధ్యాయంలో అతనంటుంది. ఊగిసలాట తప్పేమీ కాదు, పదహారేళ్ల వయసులో మనసు ఊగకపోతేనే అనుమానించాలి. కానీ ఆమె మనసు మారిన ప్రతిచోటా పెన్సిల్‌తో ఒక గీత గీసి, అంతకు ముందు సీన్‌లో ఆ అబ్బాయి గురించిగానీ తన గురించిగానీ ఆమెకు కొత్తగా ఏం తెలిసిందో పక్కన రాయండి. అబద్ధం చెప్పాడని తెలిసింది, కష్టమొచ్చినప్పుడు పారిపోయాడని తెలిసింది: ఇలాంటివి రాయగలిగితే కథ కదులుతోందన్నమాట. ‘వర్షంలో తడిశాడు’ అని తప్ప రాయడానికేమీ దొరక్కపోతే ఆ అధ్యాయం పేజీలు నింపడానికి పెట్టినదే. పాఠకులకు చిరాకు వచ్చేది అక్కడే, ఇద్దరు అబ్బాయిలు ఉన్నందుకు కాదు.

న్యాయం జరిగిన కేసు ఒక్కటైనా చూపించకపోతే నన్ను ఉద్యమకారుడని కొట్టిపారేస్తారు. అందుకే సుజాన్ కాలిన్స్ రాసిన హంగర్ గేమ్స్‌ను సాక్షిగా పిలుస్తున్నాను. చదవనివాళ్లు కాసేపు చెవులు మూసుకోవాలి, ముగింపు చెప్పకుండా ఈ కేసు వాదించలేను.

ఇందులో కాట్నిస్‌కు ఇద్దరు. గేల్ అడవిలో వేట తోడు. ఇద్దరి తండ్రులూ ఒకే గని పేలుడులో చనిపోయారు. పీటా రొట్టెలు కాల్చేవాళ్ల అబ్బాయి. ఆమె ఆకలితో పడిపోబోతున్న రోజున వర్షంలో మాడిన రొట్టె విసిరి బతికించాడు. 2008లో వచ్చిన మొదటి పుస్తకంలో ఒక గుహ సీన్ ఉంది. ఒకరినొకరు చంపుకోవాల్సిన పోటీలో పీటా గాయపడి పడున్నాడు, దేశమంతా టీవీలో చూస్తోంది. కాట్నిస్ అతన్ని ముద్దు పెట్టుకుంటుంది. కాసేపటికి బయట ఒక కుండెడు వేడి సూప్ దిగుతుంది. ఒక ముద్దుకు ఒక కుండ సూప్, ఇదీ రేటు అని దాన్ని పంపిన తమ గురువు హేమిచ్ చెబుతున్నాడని ఆమెకు అర్థమవుతుంది.

ఆ సూప్ కుండ చేసే పని చూడండి. ఇక్కడ ప్రేమ కథ పక్కన నడిచే ముచ్చట కాదు, ప్రాణం నిలబెట్టే సరుకు. ఏది నటన, ఏది నిజం అన్నది కాట్నిస్‌కే తెలియదు. ఇంటి దగ్గర గేల్ కూడా అదే టీవీ చూస్తున్నాడు. పీటాను కథలోంచి తీసేస్తే సూప్ రాదు, సూప్ రాకపోతే కథే లేదు. మీ చేతిలో ఉన్న నవలకూ ఈ పరీక్ష పెట్టండి. ఒక అబ్బాయిని తీసేసినా అసలు కథ చెక్కుచెదరకుండా నడిస్తే, అతన్ని కవర్ పేజీ కోసం పెట్టుకున్నట్టే.

త్రికోణమని పిలిచేవాటిలో చాలావాటికి మూడో గీత ఉండదు. ఇద్దరు అబ్బాయిలూ ఆమె వైపు చూస్తారు తప్ప, ఎదురుపడితే పళ్లు నూరుకోవడం మినహా వాళ్లకు ఒకరితో ఒకరికి పనుండదు. 2010లో వచ్చిన మూడో పుస్తకం మాకింగ్‌జేలో కాలిన్స్ ఆ గీత గీసింది. ప్రభుత్వం మీద తిరుగుబాటు యుద్ధం సాగుతుండగా, శత్రు నగరంలో ఒక దుకాణం నేలమాళిగలో దాక్కున్న రాత్రి, కాట్నిస్ నిద్రపోతోందనుకుని గేల్, పీటా ఆమె గురించి మాట్లాడుకుంటారు. గొడవేమీ లేదు. ఎవరు లేకపోతే తాను బతకలేననుకుంటుందో వాళ్లనే ఎంచుకుంటుందని గేల్ అంటాడు. ఆ మాట విని ఆమెకు ఒళ్లు మండుతుంది. మీరిద్దరూ లేకపోయినా నేను బతకగలను అనుకుంటుంది మనసులో. హీరోయిన్‌కు ఇద్దరి మీదా ఒకేసారి కోపం వచ్చే హక్కు ఇచ్చిన నవలలు నాకు ఎక్కువగా తగల్లేదు.

ఇక గేల్ రిటైర్మెంట్. ఉచ్చులు పన్నడంలో అతను దిట్ట, అధికారం మీద కోపంతో రగిలిపోతుంటాడు. ఈ రెండూ మొదటి పుస్తకంలో అడవిలోనే కనిపిస్తాయి. యుద్ధంలో అదే నేర్పు బాంబుల తయారీకి ఎక్కుతుంది: ముందు ఒకటి పేలుతుంది, సాయానికి జనం పరుగెత్తుకొచ్చాక ఇంకోటి పేలుతుంది. కాట్నిస్ చెల్లెలు ప్రిమ్ అలాంటి పేలుడులోనే చనిపోతుంది. అది తన బాంబేనా కాదా అన్నది గేల్ కూడా చెప్పలేడు. ఆ తర్వాత అతను వేరే జిల్లాలో ఉద్యోగానికి వెళ్లిపోతాడు. నా క్లయింట్‌ను ఇక్కడా ఊరు దాటించారు, ఆ అభ్యంతరం నమోదు చేయాల్సిందే. ఎంపికలో సగం కాట్నిస్ చేస్తే సగం బాంబు చేసిందని ఎవరైనా విమర్శిస్తే కాదనను. కానీ అతన్ని దూరం చేసిన గుణం చివర్లో అతికించింది కాదు, ఆమె మొదట మెచ్చుకున్నదే. రెండో అబ్బాయి చెడిపోయాడు అని రచయిత చెప్పినప్పుడు వెనక్కి పేజీలు తిప్పి విత్తనం వెతకాలి. దొరక్కపోతే అది హత్య కిందే లెక్క.

మన సమీక్షకులు ఈ పని చేయకుండా జట్లు కడతారు. ‘నేను పీటా టీమ్, అందుకే ముగింపు సూపర్’ అన్నది సమీక్ష కాదు, ఓటు. అభిమాన అబ్బాయి ఓడినందుకు నవలకు ఒక్క స్టార్ ఇచ్చేవాళ్ల గురించి మాట్లాడకపోవడమే మర్యాద. మీ అబ్బాయి ఓడినా ముగింపు సరైనదని, గెలిచినా తప్పని చెప్పగలిగితేనే, అదీ సీన్ చూపించి చెప్పగలిగితేనే, మీ మాటను విచారణకు స్వీకరిస్తాం.

రచయితలకు మా సంఘం తరఫున ఒకే ఒక్క డిమాండ్. రెండో అబ్బాయిని చంపాలన్నా, చెడగొట్టాలన్నా, ఎవరికైనా కట్టబెట్టాలన్నా అభ్యంతరం లేదు. ముందు, హీరోయిన్ పేజీలో లేనప్పుడు అతను ఏం చేస్తుంటాడో రాతపూర్వకంగా తెలియజేయాలి. ‘ఆమె గురించి ఆలోచిస్తుంటాడు’ అనే జవాబు చెల్లదు.