ఎట్సెట్రా కంప్లీట్

మన ఆఫీసు వాళ్లది జాలిగుండె. రెండు వందల పేజీల ఇంగ్లీషు టెండర్ చదివితే సైట్ ఇంజనీరు కుర్రాడి కళ్లు పాడవుతాయని, పనులు, క్వాంటిటీలు, రేట్లు రాసిన బీవోక్యూ పట్టికలో డిస్క్రిప్షన్ కాలమ్‌ని బెత్తెడు చేసి వాట్సాప్‌లో పడేస్తారు. మిగిలేది ఇంతే: "ప్లాస్టరింగ్ 12 ఎంఎం, సీఎం 1:4". సీఎం అంటే సిమెంట్ మోర్టార్. పక్కన క్వాంటిటీ, రేటు.

కుర్రాడు అమాయకంగా అడుగుతాడు: "సార్, నాలుగో ఫ్లోర్‌కి ఇసుక ఎక్కించిన కూలి ఎక్స్‌ట్రా రాయాలా?"

"కంప్లీట్ అని ఉంది కదా తమ్ముడూ."

"ఎక్కడుంది సార్?"

"టెండర్‌లో."

"టెండర్ ఎక్కడుంది సార్?"

"బీరువాలో."

"బీరువా తాళం?"

"ఎండీ గారి దగ్గర. ఆయన సింగపూర్‌లో."

ఆ బీరువాలో నిద్రపోతున్న వాక్యం చివర "ఇన్‌క్లూడింగ్ స్కాఫోల్డింగ్, క్యూరింగ్, ఆల్ లీడ్స్ అండ్ లిఫ్ట్స్, ఎట్సెట్రా కంప్లీట్" అని ఉంటుంది. లీడ్ అంటే సరుకు మోసిన దూరం, లిఫ్ట్ అంటే ఎక్కించిన ఎత్తు. పరంజా, నీళ్లు కొట్టడం, ఎత్తుడు కూలి అన్నీ ఆ రేటు కడుపులోనే. ఎక్స్‌ట్రా రాస్తే బిల్లు తిరిగొస్తుంది. తోకలో ఇన్‌క్లూడింగ్‌కి బదులు ఎక్స్‌క్లూడింగ్ అని ఉంటే మాత్రం ఆ డబ్బు అడగాల్సిందే. ఒక్క మాటతో కథ తారుమారు.

క్వాంటిటీ ఎలా కొలవాలో బీవోక్యూ చెప్పదు. అది స్పెసిఫికేషన్ సెక్షన్‌లో "కొలతలు ఐఎస్ 1200 ప్రకారం" అనే ఒక్క ముక్కలో దాక్కుని ఉంటుంది. ఐఎస్ 1200 అంటే కట్టడం పనులు ఎలా కొలవాలో చెప్పే భారత ప్రమాణం. గోడకి రెండు వైపులా ఒకే ప్లాస్టర్ వేశారనుకోండి. అర చదరపు మీటరు దాకా ఉన్న కంతని అసలు తీసేయక్కర్లేదు. 0.6 × 0.6 వెంటిలేటర్ 0.36 కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు. అర దాటి 3 చదరపు మీటర్ల లోపైతే ఒక్క వైపే తీసేయాలి, దానికి బదులు కిటికీ పక్కల, పైన, కింద చేసిన పనికి వేరే కొలత ఉండదు. 3 దాటితే రెండు వైపులా తీసేసి, ఆ పక్కలన్నీ విడిగా కలపాలి.

ఈ సంగతి ఎవరూ చెప్పని కుర్రాడు న్యాయంగా ఆలోచిస్తాడు: కిటికీ ఉన్నచోట ప్లాస్టర్ లేదు, రెండు వైపులా కొట్టేద్దాం! 1.5 × 1.2 కిటికీ అంటే 1.8 చదరపు మీటర్లు. అలాంటివి 40 ఉంటే తీయాల్సింది 72, అతను తీసింది 144. చేసిన పనిలో 72 చదరపు మీటర్లు, కొలతలు రాసే ఎం-బుక్ ఎక్కకుండానే గాల్లో కలిసింది. ఎక్కువ రాస్తే ఏఈ గారు ఎర్రపెన్నుతో కొట్టేస్తారు. తక్కువ రాస్తే ఏ పెన్నూ కదలదు.

అప్పుడు ఆఫీసు తీర్పు: "వాడికి ఇంగ్లీషు రాదండీ."

ఏం రాదయ్యా? డ్రాయింగ్ చూసి బీమ్‌లో కడ్డీ ఎక్కడ వంగాలో వేలు పెట్టి చూపించేవాడికి లీడ్, లిఫ్ట్ అర్థం కావా? ఐటమ్‌కి అరగంట చొప్పున తెలుగులో చెప్పే ఓపిక మీకు లేదు. తోక కత్తిరించింది మీరు, తిట్లు అతనికా? ముందు ఆ కాలమ్ వెడల్పు చేసి పంపండి, ఐఎస్ 1200లో ప్లాస్టరింగ్ సంగతి చెప్పే పన్నెండో భాగం జతచేసి.

తాళం సంగతి ఎండీ గారు తిరిగొచ్చాక చూద్దాం.